బిట్ కింద రెండు గీతలు: ‘ఎట్లా వచ్చింది’ అని పిల్లల చేత రాయించడం

ప్రశ్న: మాది తాడిపత్రి. సాయంత్రం ఇంటి దగ్గర ఆరు, ఏడు తరగతుల పిల్లలు 14 మందికి లెక్కలు చెప్తాను. ప్రతి శనివారం 20 బిట్లు పెట్టి, మార్కులు చదివి, కీ బోర్డు మీద రాస్తాను. దశాంశాల్లో వారం వారం అవే మార్కులు, అవే తప్పులు. జవాబుతో పాటు కారణం కూడా రాయమంటే ‘టీచర్ చెప్పినారు’, ‘అదే పెద్దది కాబట్టి’ అని రాస్తున్నారు. కారణం ఎట్లా అడగాలి? రాసిన తర్వాత దాంతో ఏం చేయాలి?

జవాబు:

ముందు ఆ ఇరవై బిట్లను నాలుగుకు దించండి. ఇరవైటికీ కారణం రాయమంటే ఏ పిల్లవాడైనా మూడో బిట్టు దగ్గరే విసిగిపోయి ‘అదే కరెక్టు’ అని రాసి పడేస్తాడు. నాలుగు బిట్లు, ఒక్కోదాని కింద రెండు ఖాళీ గీతలు, మొత్తం 20 నిమిషాలు. మిగతా బిట్లు పెట్టాలనుకుంటే వేరే కాగితం మీద మామూలుగా పెట్టుకోండి. నాలుగే పెట్టేటప్పుడు ఏ నాలుగు పెడుతున్నామన్నదే అసలు పని. అక్కడికి వస్తాను గానీ, అంతకన్నా ముందు అడిగే మాట సంగతి చూద్దాం.

మన బడుల్లో ‘ఎందుకు?’ అన్న మాట పిల్లల చెవికి ప్రశ్నలా వినపడదు, గద్దింపులా వినపడుతుంది. ‘ఎందుకు లేటు?’, ‘హోంవర్కు ఎందుకు చేయలేదు?’ అన్నప్పుడే వాళ్లు ఆ మాట ఎక్కువగా విన్నారు. జవాబు సరిగ్గా ఉన్నప్పుడు వాళ్లను ‘ఎందుకు’ అని అడిగినవాళ్లు దాదాపు లేరు. అందుకే ‘ఈ జవాబు ఎందుకు పెట్టావు?’ అనగానే కొందరు తప్పేమోనని భయపడి సరైన జవాబునే కొట్టేస్తారు. ఇంకొందరు తమ మీదికి రాకుండా ‘టీచర్ చెప్పినారు’ అని మీ పేరు పెడతారు. ‘అదే పెద్దది కాబట్టి’ అని రాసినవాడు మాత్రం మీరడిగిన దానికే జవాబు చెప్పినాడు. ఎందుకు అదే పెట్టావంటే, అదే పెద్దది గనక. వాడి వైపు నుంచి అందులో లోటేమీ లేదు.

కాబట్టి ‘ఎందుకు’ మానేసి ‘ఎట్లా’ అడగండి. కాగితం మీద ఈ మాటలే రాయొచ్చు: ‘పక్క బడి పిల్లవాడు ఇంకో జవాబు పెట్టినాడు. నీకు ఈ జవాబు ఎట్లా వచ్చిందో వానికి చెప్పు.’ పక్క బడి పిల్లవాడికి మీరు టీచరు కాదు, అందువల్ల మీ పేరు అక్కడ పనికిరాదు. వాడు వేరే జవాబు పెట్టినాడు కాబట్టి ‘అదే పెద్దది’ అన్నా సరిపోదు, ఏదో ఒకటి చూపించాలి. పిల్లలకు రాయడం కష్టమనిపిస్తే బొమ్మ వేయనివ్వండి. ఇప్పుడు బడి పుస్తకాలు రెండు భాషల్లో పక్కపక్కన ఉంటున్నాయి గదా, పిల్లలు ఏ భాషలో రాయాలో తెలియక ఆగిపోతుంటారు. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయమని ముందే చెప్పండి. అక్షరదోషాలకు మార్కు పోదని కూడా చెప్పండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పిల్లలు రాయలేకపోతున్నారని సగం వాక్యం తామే అచ్చువేసి ఇస్తారు: ‘____ పెద్దది, ఎందుకంటే పదోవంతుల స్థానంలో ____ ఉంది.’ ఇక్కడ ఎక్కడ చూడాలో మీరే చెప్పేశారు. ఖాళీలు సరిగ్గానే నిండుతాయి, పిల్లవాడు ఆ స్థానాన్ని తనంతట తాను చూసేవాడా కాదా అన్నది మీకు ఎప్పటికీ తెలియదు.

ఇక బిట్లు. దశాంశాలు పోల్చడంలో పిల్లల తప్పులు చూడ్డానికి చిందరవందరగా కనిపించినా, వాటి వెనకున్న నమ్మకాలు కొన్నే. ఆ నమ్మకాలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయేలా బిట్లు ఎంచాలి. ఈ నాలుగూ పెట్టి చూడండి. ప్రతిదానికీ ‘ఏది పెద్దది?’ అన్నదే ప్రశ్న. మొదటిది, రెండోది, రెండూ సమానం అని మూడు ఆప్షన్లు.

1) 0.35, 0.4
2) 0.75, 0.6
3) 2.5, 2.05
4) 3.42, 3.426

సరైన జవాబులు వరసగా 0.4, 0.75, 2.5, 3.426. ఇప్పుడు ఒక పాప కాగితం ఊహించుకోండి. మొదటి బిట్టుకు 0.35 పెట్టింది, ‘35 పెద్దది, 4 చిన్నది’ అని రాసింది. రెండోదానికి 0.75 పెట్టింది, ‘75 అంటే 6 కన్నా చానా ఎక్కువ’. మూడోదానికి 2.05, ‘ఇందులో అంకెలు ఎక్కువున్నాయి’. నాలుగోదానికి 3.426, ‘426 పెద్దది’. మార్కులు నాలుగుకు రెండు.

పక్కన కూర్చున్న అబ్బాయి మొదటిదానికి 0.4 పెట్టినాడు, ‘పాయింట్ తర్వాత ఎంత పొడుగుంటే అంత చిన్నది’ అన్నాడు. రెండోదానికి అదే లెక్కన 0.6, మూడోదానికి 2.5, నాలుగోదానికి 3.42. వాడికీ నాలుగుకు రెండే.

మార్కుల పుస్తకంలో ఇద్దరూ ఒకటే. కానీ ఒక్క బిట్టులో కూడా వాళ్ల జవాబులు కలవలేదు, ఇద్దరి నమ్మకాలూ తలకిందులు. పాప పాయింట్ తర్వాతున్నదాన్ని మామూలు సంఖ్యలాగా చదువుతోంది. అబ్బాయి పొడుగైనది చిన్నదని నమ్ముతున్నాడు. మీరు సోమవారం బోర్డు మీద ‘1-0.4, 2-0.75’ అని కీ రాస్తే పాప మొదటి బిట్టు దిద్దుకుంటుంది, అబ్బాయి రెండోది దిద్దుకుంటాడు. ఇద్దరి నమ్మకమూ కదలదు. వచ్చే శనివారం మళ్లీ నాలుగుకు రెండే వస్తాయి. ‘వారం వారం అవే మార్కులు’ అన్నారే, దాని వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే.

పాపలాంటి పిల్లలు తయారవడంలో మన నోటికీ కొంత వాటా ఉంది. 0.35 ను ‘సున్నా పాయింట్ ముప్పై ఐదు’ అని చదువుతాం. పిల్లల చెవిలో ముప్పై ఐదు నిలబడిపోతుంది, నాలుగు దాని ముందు వెలవెలబోతుంది. ‘సున్నా పాయింట్ మూడు ఐదు’ అని చదవడం మీరు ఈ వారం నుంచే మొదలుపెట్టండి, పిల్లల చేత కూడా అట్లే చదివించండి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

అబ్బాయిలాంటి వాళ్ల దగ్గర మాత్రం కారణం చదవకుండా ముందుకు పోకూడదు. పొడుగైనది చిన్నది అన్న జవాబు రెండు వేర్వేరు దారుల్లో వస్తుంది. ఒకడు ‘పదోవంతు ముక్క పెద్దది, వందోవంతు ముక్క చిన్నది, అందుకే వందోవంతులున్న 0.75 చిన్నది’ అని రాస్తాడు. వీడికి సగం వచ్చు. ముక్క సైజు తెలిసింది, ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టడం మరిచాడు. ఇంకొకడు ‘ముప్పై ఐదో వంతు కన్నా నాలుగో వంతు పెద్దది’ అని రాస్తాడు. వీడు 0.35 ను 1/35 గా, 0.4 ను 1/4 గా చూస్తున్నాడు. భిన్నాల పాఠంలో నేర్చుకున్నది నిజమే, కానీ తెచ్చి ఇక్కడ తప్పుగా అంటించాడు. ఇద్దరి టిక్కులూ ఒకే చోట పడతాయి. గీత మీద రాసిన మాటలో తప్ప ఆ తేడా ఇంకెక్కడా కనపడదు.

మూడో బిట్టును కావాలనే మన ఊళ్లకు తగ్గట్టు పెట్టాను. ‘రెండూ సమానం’ అని టిక్కు పెట్టి, ‘2.5 అంటే రెండెకరాల ఐదు సెంట్లు, 2.05 కూడా అంతే’ అని రాసే పిల్లలు చేనున్న ఇళ్లలో ఉంటారు. ఎకరాకు 100 సెంట్లు, కాబట్టి రెండెకరాల ఐదు సెంట్లను 2.05 అనే రాయాలి. 2.5 అంటే రెండెకరాల యాభై సెంట్లు, అంటే రెండున్నర. పాయింటును పిల్లవాడు ఎకరాలకూ సెంట్లకూ నడుమ గెట్టులా చూస్తున్నాడు. క్రికెట్ పిచ్చి ఉన్నవాడు అదే తప్పును ఇంకో దారిలో చేస్తాడు: ‘2.5 అంటే రెండు ఓవర్ల ఐదు బంతులు.’ ఓవర్లలో ఆ చుక్క దశాంశ బిందువే కాదు, 2.5 తర్వాత ఒక్క బంతి పడితే 3 ఓవర్లు అయిపోతాయి. టీవీలో రోజూ చూసేది తప్పని పిల్లవాడికి చెప్పనక్కర్లేదు. అక్కడ చుక్క వేరు, ఇక్కడ చుక్క వేరు అని రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే చాలు.

నాలుగో బిట్టు డబ్బు లెక్కతో వచ్చే తప్పును పట్టడానికి. రూపాయలు, పైసలు మాత్రమే దశాంశాల్లో చూసిన పిల్లలు రెండు అంకెల తర్వాత చదవడం ఆపేస్తారు. వాళ్లకు 3.42, 3.426 రెండూ ఒకటే, మూడో అంకె లెక్కలోకి రాదు. ఈ రకం పిల్లలు మొదటి మూడు బిట్లూ శుభ్రంగా చేస్తారు. నాలుగోది లేకపోతే వీళ్లు అంతా వచ్చినవాళ్లలో కలిసిపోతారు.

రాయించేటప్పుడు రెండు కట్టుబాట్లు పెట్టండి. మొదటిది, టిక్కు పెన్నుతోనే పెట్టాలి. కారణం రాస్తుండగా మనసు మారితే పాత టిక్కు మీద ఒక్క అడ్డగీత గీసి కొత్తది పెట్టుకోవచ్చు, చెరపకూడదు. కారణం రాస్తూ జవాబు మార్చుకున్న పిల్లవాడి కాగితం మీకు చాలా విలువైనది. ఏ దగ్గర వాడి నమ్మకం వాడికే అడ్డం తిరిగిందో అక్కడే రాసి ఉంటుంది. రెండోది, ప్రతి బిట్టు పక్కన, తను ఖాయంగా అనుకుంటే గీత, అనుమానమైతే ప్రశ్న గుర్తు. తప్పు జవాబు పక్కన ప్రశ్న గుర్తుంటే వాడు ఊహించి పెట్టినాడు, మళ్లీ ఒకసారి చెబితే సరిపోవచ్చు. తప్పు జవాబు పక్కన గట్టిగా గీత ఉంటే అక్కడ ఒక నమ్మకం కూర్చుని ఉంది. దాన్ని కదిలించకుండా మీద ఎంత పాఠం పోసినా జారిపోతుంది.

మార్కుల విషయంలో నా మాట కొంచెం వింతగా అనిపించొచ్చు. బిట్టుకు రెండు మార్కులు పెట్టండి. జవాబుకు ఒకటి. రెండోది కారణం సరైనదైతేనే అని కాదు, ఆ కారణం నుంచి ఆ జవాబు వస్తే చాలు, ఇచ్చేయండి. ‘35 పెద్దది, 4 చిన్నది, అందుకే 0.35’ అన్న పాపకు కారణం మార్కు వస్తుంది, జవాబు మార్కు రాదు. ‘అదే పెద్దది’ అన్నవాడి జవాబు సరైనదే అయినా కారణం మార్కు రాదు. సరైన కారణానికే మార్కు ఇస్తే రెండు వారాల్లో పిల్లలు మీ నోట్సులోని వాక్యం బట్టీ కొట్టి దించుతారు. అప్పుడు నాలుగు కాగితాల్లో ఒకే వాక్యం అక్షరం పొల్లు పోకుండా కనపడుతుంది, వాళ్ల తలలో ఏముందో కనపడదు. ఈ మార్కులు మీ పుస్తకం వరకే ఉంచుకోండి. ఇంట్లో అమ్మానాన్నలు ఎన్ని వచ్చాయని అడిగితే మామూలు కాగితం మార్కులు చెప్పండి.

దిద్దడానికి భయపడాల్సినంత పని లేదు. 14 మంది, ఒక్కొక్కరివి నాలుగు కారణాలు, మొత్తం 56. ఒక్కోదానికి 15 సెకన్లనుకుంటే 14 నిమిషాలు. పిల్లవారీగా దిద్దకండి. అందరి మొదటి బిట్టు ఒక్కసారి, తర్వాత అందరి రెండో బిట్టు, అట్లా చదవండి. ఒకే రకం మాటలు కళ్లకు కడతాయి. చదివాక కాగితాలను నేల మీద నాలుగు కుప్పలు వేయండి: పాప కుప్ప, అబ్బాయి కుప్ప, గెట్టు కుప్ప (ఎకరాలు, ఓవర్లు, డబ్బు అన్నీ ఇందులోనే), అంతా సరిగ్గా ఉన్న కుప్ప. ఎక్కడా ఇమడని కాగితాలు రెండు మూడు తప్పకుండా ఉంటాయి. వాటిని విడిగా పెట్టి ఆ పిల్లలను నోటితో అడగండి. రాసింది అర్థం కాకపోతే దాన్ని మీ ఊహతో పూరించుకుని ఏదో ఒక కుప్పలో వేయకండి.

కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు తప్పు గుర్తు మాత్రమే పెట్టి ఇస్తే పిల్లవాడు కీ చూసి దిద్దుకుని మడిచి పెట్టేస్తాడు. దాని బదులు, వాడి నమ్మకాన్ని వాడితోనే చివరిదాకా నడిపించే ఒక చిన్న ప్రశ్న రాయండి. పాపకు: ‘0.4, 0.400 లో ఏది పెద్దది?’ తన పద్ధతిలో 400 పెద్దది కాబట్టి 0.400 అంటుంది. అప్పుడు కిరాణా కొట్టులో కాటా సంగతి అడగండి. నాలుగు వందల గ్రాముల బుడ్డలు పోస్తే కాటా మీద 0.400 అని పడుతుంది. కొట్టతను దాన్నే 0.4 కిలో అని చీటీ మీద రాస్తే బుడ్డలు తగ్గినాయా? అబ్బాయికి: ‘0.1, 0.99 లో ఏది పెద్దది?’ తన పద్ధతిలో 0.1 అనాలి. అన్నాక ఒక గీత గీసి సున్నా, ఒకటి గుర్తులు పెట్టి, 0.99 ఎక్కడుంటుందో చూపించమనండి. అది ఒకటికి ఆనుకుని ఉందని చాలామంది చెప్పగలరు. అక్కడ వాడే ఆగుతాడు. ఆ ఆగినప్పుడు మీరు తొందరపడి చెప్పకండి, ఒక నిమిషం వదిలేయండి.

సోమవారం పాఠానికి పాప కుప్పకూ, అబ్బాయి కుప్పకూ ఒకే సామాను సరిపోతుంది. ఒక వంద నోటు, కొన్ని పది నోట్లు, కొన్ని రూపాయి బిళ్లలు. వంద నోటును 1 అనుకోమని ముందే గట్టిగా చెప్పండి, లేకపోతే పిల్లలు రూపాయినే 1 అనుకుంటారు, కథ మొదటికొస్తుంది. వంద నోటు 1 అయితే పది నోటు 0.1, రూపాయి బిళ్ల 0.01. ఇప్పుడు 0.35 అంటే మూడు పది నోట్లు, ఐదు బిళ్లలు. 0.4 అంటే నాలుగు పది నోట్లు. పాప తన కళ్లతో 35 రూపాయలు, 40 రూపాయలు చూస్తుంది. తర్వాత అబ్బాయికి 0.75, 0.6 పెట్టించండి. ‘నోటు పెద్దది, బిళ్ల చిన్నది’ అన్న వాడి మాట నిజమేనని ఒప్పుకోండి. 75 బిళ్లలు ఒక పక్క, ఆరు పది నోట్లు ఒక పక్క పెట్టి, ఏ పక్క ఎక్కువ డబ్బు ఉందో వాడినే చెప్పమనండి. అన్ని బిళ్లలు లేకపోతే చింతగింజలు వాడండి. నాలుగో బిట్టుకు కూడా ఇదే చాలు: 0.001 అంటే పది పైసలు, కాబట్టి 3.426 అంటే 342 రూపాయల 60 పైసలు, 3.42 అంటే 342 రూపాయలే.

1/35 అనుకున్నవాడికి మాత్రం నోట్ల ముందు ఇంకో మెట్టు కావాలి. 0.35 ను భిన్నంగా రాయమంటే వాడు 1/35 అని రాస్తాడు, లేదా ఆగిపోతాడు. 35/100, 4/10 అని రాయడం వాడికి వచ్చేదాకా నోట్లు వాడికి వేరే ఆట మాత్రమే. గెట్టు కుప్పకు 2.5, 2.05 ఎకరాలు చాలు. రెండింటికీ నడుమ తేడా 45 సెంట్లు. ఆ మాట విన్నాక రైతు ఇంటి పిల్లవాడు మళ్లీ వాటిని సమానమనడు.

ఇప్పుడు ఎక్కువమంది గమనించని చిక్కు ఒకటి. పాపకు ‘వందోవంతు ముక్కలు చిన్నవి’ అని మీరు గట్టిగా చెప్పారనుకోండి. మరుసటి శనివారం అదే నమూనాలో కొత్త సంఖ్యలు పెట్టారు: 0.62, 0.8; 0.91, 0.7; 1.3, 1.09; 5.17, 5.172. పాప మొదటిదానికి 0.8 పెట్టింది, సరైనదే. రెండోదానికి 0.7 పెట్టింది, తప్పు. మూడోది సరైనది, నాలుగోది తప్పు. నాలుగుకు రెండు. పాప ఏమీ నేర్చుకోలేదని అనిపిస్తుంది. కాగితం చదివితే ‘ఎక్కువ అంకెలుంటే ముక్కలు చిన్నవి’ అని రాసి ఉంటుంది. తను నేర్చుకుంది, పాత నమ్మకం వదిలేసి అబ్బాయి నమ్మకానికి వెళ్లింది. మీ మాటలో సగమే పట్టుకుంది. ఆమెకు పాత పాఠమే మళ్లీ చెబితే ఇంకా చెడుతుంది. ఇప్పుడు కావలసింది ఎన్ని ముక్కలో లెక్కపెట్టడం, అంటే ఈ వారం అబ్బాయి పాఠం. అందుకే రెండో శనివారం కూడా కారణం గీతలు తప్పనిసరి. అది లేకుండా రెండోసారి పెట్టినా, మొదటిసారి పెట్టనట్టే.

నాలుగుకు నాలుగు వచ్చిన కుప్పను కూడా వదలకండి. అందులో చాలామంది ‘సున్నా చేర్చినాను, 0.35, 0.40, 40 పెద్దది’ అని రాస్తారు. పద్ధతి సరైనదే, తప్పు పెట్టడానికి లేదు. కానీ సున్నా చేర్చాక పిల్లవాడు చేసేది 35, 40 పోల్చడమే. దశాంశం అర్థం కాకపోయినా జవాబు వస్తుంది. వాళ్లకు ఒక్క ప్రశ్న చాలు: ‘0.3 కూ 0.4 కూ నడుమ ఏదైనా సంఖ్య ఉందా? ఉంటే ఒకటి రాయి, ఎట్లా తెలిసిందో చెప్పు.’ ‘లేదు, 3 తర్వాత 4’ అని రాసినవాడికి సున్నా చేర్చే చిట్కా తప్ప ఇంకేం రాదు. వాడిని కూడా నోట్ల దగ్గరికి పంపండి.

కాపీ గురించి అడగలేదు గానీ, వస్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి టిక్కులు ఒకటైతే ఏమీ అనలేం. కారణంలో ఒకే వింత మాట ఇద్దరికీ వస్తే పట్టేయొచ్చు. దండించకుండా రెండో వరసకు 1, 2 బిట్ల స్థానాలు మార్చి ఇవ్వండి, సరిపోతుంది.

ప్రతి బిట్టుకూ ఈ గీతలు పనికిరావు. సోడియం సంకేతం Na అని, కడప జిల్లా ముఖ్య పట్టణం ఏదని అడిగే బిట్లకు కారణం రాయమంటే పిల్లలు ఏదో కల్పిస్తారు, మీరు దాన్ని చదవాలి. గుర్తు పెట్టుకునే బిట్లు మామూలు కాగితంలోకి. లెక్క, పోలిక, ‘ఇట్లా చేస్తే ఏమవుతుంది’ తరహా బిట్లు మాత్రమే గీతల కాగితంలోకి.

మీ బ్యాచీ 14 నుంచి 50, 60 అయితే కారణాలన్నీ చదవడం కుదరదు. అప్పుడు చేసేదేమంటే, ఇప్పుడు ఈ 14 మంది రాసిన కారణాల్లో ఎక్కువసార్లు వచ్చిన వాక్యాలను పిల్లల మాటల్లోనే ఆప్షన్లుగా మార్చి, జవాబు కింద రెండో బిట్టుగా పెట్టడం. ఆస్ట్రేలియాలో డేవిడ్ ట్రెగస్ట్ 1980ల్లో సైన్సు పాఠాలకు ఈ రెండంతస్తుల బిట్లను ఇట్లాగే తయారుచేశాడు: ముందు పిల్లల చేత స్వేచ్ఛగా రాయించి, వాళ్ల తప్పులను ఏరి, వాటినే కారణాల ఆప్షన్లుగా పెట్టడం. మొదటి బిట్టు కింద ఇట్లా ఉంటుంది: ‘ఎ) 35 కన్నా 4 చిన్నది కాబట్టి, బి) అంకెలు తక్కువున్నది పెద్దది కాబట్టి, సి) నాలుగు పదోవంతులు మూడు పదోవంతుల ఐదు వందోవంతుల కన్నా ఎక్కువ కాబట్టి, డి) వేరే: ______’. సి మాత్రమే పొడుగ్గా ఉంది, తెలివైన పిల్లలు పొడుగు చూసే టిక్కు పెట్టేస్తారు. కాబట్టి ఎ, బి లను కూడా దాదాపు అంతే పొడుగు వచ్చేలా రాయండి. డి ఖాళీని ఎప్పుడూ తీసేయకండి. మీ 14 మందిలో ఎవరికీ తట్టని దారి అరవై మందిలో ఎవరికో ఒకరికి తడుతుంది, అది కనపడేది ఆ ఖాళీలోనే.

ఈ శనివారానికి కాగితం నాలుగు బిట్లతో, బిట్టుకు రెండు గీతలతో, పైన పక్క బడి పిల్లవాడి వాక్యంతో సిద్ధం చేసుకోండి. టిక్కులు, గీతలు, ప్రశ్న గుర్తుల గురించి ముందు రోజే ఐదు నిమిషాలు చెప్పి, బోర్డు మీద ఒక ఉదాహరణ చేసి చూపండి. ఆ ఉదాహరణ దశాంశాలది కాకూడదు. 17, 71 లో ఏది పెద్దదన్నది చాలు.